టెలిగ్రాఫ్ నుంచి స్మార్ట్‌ఫోన్ దాకా: మద్రాసు–సింగపూర్ దారిలో పది నిమిషాల ప్రసంగం

ప్రశ్న: మాది చెన్నై. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఫిబ్రవరి 28న మా బడిలో సైన్స్ డే. ‘టెలిగ్రాఫ్ నుంచి స్మార్ట్‌ఫోన్ వరకు’ అనే విషయం మీద తెలుగులో పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎక్కడ చూసినా తేదీలూ పేర్లూ ఉన్న పెద్ద పట్టికలే దొరుకుతున్నాయి. దేన్ని పట్టుకుని చెప్పాలి? ఏదైనా చేసి చూపించడానికి వీలుందా?

సమాధానం:

అమ్మా, పది నిమిషాలే కాబట్టి ముందు వదిలేయవలసినవి చెబుతాను. బెల్, మార్కోని, మొదటి మొబైల్ ఫోను, టచ్ స్క్రీను అంటూ వరుసగా అప్పజెప్పకు. ఇంత పొడవైన కథలో ఒకే ఒక చిక్కును పట్టుకో. దూరం పోయేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. దారిలో దానికి మళ్లీ బలం ఎలా ఇవ్వాలి? టెలిగ్రాఫ్ కాలంలో రిలే, టెలిఫోను కాలంలో యాంప్లిఫయర్, ఇప్పుడు సముద్రం అడుగున కాంతిని పెంచే గాజు. ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులే. నేను టెలికాం శాఖలో, ట్రాన్స్‌మిషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా ఉద్యోగంలో సగం పని ఈ నీరసాన్ని కొలవడం, సరిచేయడమే. ఈ దారిలో వెళితే నీ ప్రసంగం చివరికి సర్ సి.వి. రామన్ దగ్గరికి దానంతట అదే చేరుతుంది. ఫిబ్రవరి 28కి అంతకంటే ఏం కావాలి?

కథను 1830లలో న్యూయార్క్‌లో మొదలుపెట్టు. శామ్యూల్ మోర్స్ వృత్తిరీత్యా చిత్రకారుడు. ఆయన చేసిన మొదటి టెలిగ్రాఫ్ పరికరం సుమారు 40 అడుగుల తీగ దాటితే పనిచేసేది కాదు. అంటే మీ తరగతి గది ఈ గోడ నుంచి ఆ గోడ వరకు, అంతే. తీగ పొడవు పెరిగితే దాని నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, అవతలి అయస్కాంతం ఇనుప ముక్కను లాగలేదు. లెనార్డ్ గేల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు అప్పటికే జోసెఫ్ హెన్రీ రాసిన పరిశోధనలు చదివి ఉన్నాడు. ఒక సెల్లు బదులు చాలా సెల్లులు వరుసగా కలపమని, అయస్కాంతం మీద చాలా చుట్లు చుట్టమని మోర్స్‌కు చెప్పాడు. దాంతో 40 అడుగులు పోయి 10 మైళ్లు వచ్చింది. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు, దాదాపు 40 మైళ్ల దూరం, మొదటి సందేశం వెళ్లింది. ఆ తేదీ ఒక్కటి చెబితే చాలు.

అయినా సెల్లులు పెంచుకుంటూ పోవడానికి ఒక హద్దు ఉంటుంది. వందల మైళ్ల దూరానికి రిలే కావాలి, అంటే కొద్దిపాటి కరెంటు వస్తే చాలు, అయస్కాంతమై ఇంకో సర్క్యూట్‌లోని స్విచ్చును మూసే పరికరం. నీ ప్రసంగానికి గుండెకాయ ఇదే. దీన్ని మాటలతో చెప్పవద్దు, చేసి చూపించు.

రిచీ స్ట్రీట్‌కు వెళ్లి ఈ వస్తువులు తెచ్చుకో: నాలుగు పెన్‌సెల్లులు పట్టే హోల్డర్లు రెండు, సుమారు అర ఆంపియరు తీసుకునే 6 వోల్టుల చిన్న ఫిలమెంటు బల్బు ఒకటి, నీలం రంగు డబ్బాలాగా ఉండే 5 వోల్టుల రిలే ఒకటి (దాని మీద `SRD-05VDC-SL-C` అని రాసి ఉంటుంది), 22 ఓమ్‌ల రెసిస్టరు ఒకటి, 100 ఓమ్‌లది ఒకటి, నొక్కే స్విచ్చు ఒకటి. కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు. బల్బు బదులు ఎల్‌ఈడీ తీసుకోవద్దు. అది కొద్దిపాటి కరెంటుకే బాగా వెలుగుతుంది, నువ్వు చూపించాలనుకున్న నీరసం కనిపించదు. రిలేను సర్క్యూట్ బోర్డు మీద బిగించిన మాడ్యూలుగా ఇస్తామంటారు, వద్దు. అందులో ట్రాన్సిస్టరు ఉంటుంది, అసలు విషయం దాని వెనకాల దాగిపోతుంది. విడి రిలేనే అడుగు. రెసిస్టర్లు 5 వాట్లవి, తెల్లగా పింగాణీలాగా ఉండేవి తీసుకో. మామూలు చిన్న రెసిస్టరు బల్బుతో కలిపినప్పుడు వేడెక్కి మాడు వాసన వస్తుంది.

మొదట స్విచ్చు, బల్బు, నాలుగు సెల్లులు నేరుగా కలుపు. బల్బు బాగా వెలుగుతుంది. ఇప్పుడు మధ్యలో 22 ఓమ్‌ల రెసిస్టరు పెట్టి, ‘ఇది చాలా మైళ్ల తీగ అనుకోండి’ అని చెప్పు. బల్బు సన్నగా ఎర్రబారుతుంది, లేదా అసలు వెలగదు. మోర్స్‌కు వచ్చిన చిక్కు అందరి కళ్ల ముందూ ఉంటుంది.

తరువాత బల్బును తీసేసి ఆ చోట రిలే చుట్టను పెట్టు. రెసిస్టరు అలాగే ఉండనివ్వు. స్విచ్చు నొక్కితే టక్కుమని చప్పుడు వస్తుంది. బల్బును వెలిగించలేని కరెంటు రిలేను కదిలించగలిగింది. ఎందుకో లెక్క వేసి బోర్డు మీద రాయి. ఆ రిలే చుట్ట నిరోధం సుమారు 70 ఓమ్‌లు. తీగది 22. బ్యాటరీ 6 వోల్టులు. చుట్టకు దక్కే వాటా ఇది:

```
6 × 70 / (70 + 22) ≈ 4.6 V
```

రిలే అంటుకోవడానికి సుమారు 3.75 వోల్టులు చాలు. కాబట్టి పనిచేసింది. ఇప్పుడు రెండో హోల్డరులోని తాజా సెల్లులను, బల్బును, రిలే అంటుకున్నప్పుడు మాత్రమే లోపల ఒకదానితో ఒకటి కలిసే `COM`, `NO` అనే రెండు కాళ్ల ద్వారా కలుపు. మళ్లీ నొక్కు. టక్కుమంటుంది, బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. ఇక్కడ ఒక క్షణం ఆగి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దూరం నుంచి వచ్చిన కరెంటు బల్బును వెలిగించలేదు. అది ‘ఇప్పుడు వెలిగించు’ అనే ఆజ్ఞను మాత్రమే మోసుకొచ్చింది. వెలిగించిన శక్తి ఇక్కడి బ్యాటరీది. తీగ వెంట కొన్ని కొన్ని మైళ్లకు ఇలాంటి రిలే ఒకటి, దాని పక్కన సొంత బ్యాటరీ ఒకటి పెట్టుకుంటూ పోతే, బయలుదేరినప్పుడు ఎంత బలం ఉందో చివరన కూడా అంతే బలం ఉంటుంది.

ఆ తరువాత 22 ఓమ్‌లు తీసి 100 ఓమ్‌లు పెట్టు. చుట్టకు దక్కేది 2.5 వోల్టులే. రిలే కదలదు, బల్బు వెలగదు, చప్పుడు కూడా రాదు. సంకేతం కొంత నీరసపడితే రిలే దాన్ని పూర్తిగా నిలబెడుతుంది. ఒక హద్దు దాటాక మాత్రం ఏమీ చేయలేదు. అందుకే రిలేను ఆ హద్దుకు ముందే పెట్టాలి. ఈ మాట గట్టిగా చెప్పు. తరువాత చెప్పబోయే సముద్రపు కథ దీని మీదే నిలబడుతుంది.

మన దేశం గురించి ఇక్కడ రెండు వాక్యాలు చాలు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన డాక్టర్ విలియం ఓషానెసీ 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వైపు మొదటి లైను వేయించాడు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు ఒకే తంతి వ్యవస్థలో చేరాయి.

నేల మీద రిలే పెట్టడానికి స్తంభం ఉంది, పక్కన గది ఉంది, గదిలో మనిషి ఉన్నాడు. సముద్రం అడుగున ఏముంది? 1858లో ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ అడుగున కేబులు వేశారు. మధ్యలో ఒక్క రిలే లేదు. పెట్టే వీలూ లేదు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. నీరసం ఒక్కటే కాదు, అక్కడ ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీటిలో ఉన్న పొడవైన కేబులు విద్యుదావేశాన్ని నిలవ చేసుకుంటుంది. ఇవతల చటుక్కున నొక్కి వదిలిన సంకేతం అవతల మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. తొందరపడి రెండోది పంపితే మొదటిదాని తోక మీద అది పడుతుంది, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన దీన్ని బలంతో గెలవాలనుకుని సుమారు 2,000 వోల్టుల దాకా ప్రయోగించాడు. అప్పటికే లోపాలున్న కేబులు తొడుగు ఆ ధాటికి నిలవలేదు. మూడు వారాల్లో కేబులు మూగబోయింది. విలియం థామ్సన్ దీనికి ఎదురు దారి తొక్కాడు. బలంగా పంపే బదులు, అవతల చేరే అతి కొద్ది కరెంటును కూడా పట్టుకునే సున్నితమైన పరికరం చేశాడు. చిన్న అయస్కాంతానికి చిన్న అద్దం అతికించి, దాని మీద దీపం కాంతి పడనిస్తే, కరెంటు కొద్దిగా మారినా గోడ మీద కాంతి చుక్క కదులుతుంది. 1866లో నిలకడగా పనిచేసిన అట్లాంటిక్ కేబులు ఆ ఆలోచన మీదే నడిచింది. పంపేవాడి బలం కంటే వినేవాడి చెవి ముఖ్యమని అప్పుడు తేలింది. ఇవాళ నీ చేతిలోని ఫోను టవరు నుంచి అందుకునే రేడియో సంకేతం ఎంత బలహీనంగా ఉంటుందో చూస్తే, థామ్సన్ దారే గెలిచిందని తెలుస్తుంది.

ఇక్కడ మన ఊరిని తీసుకురా. 1871లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు సముద్రపు టెలిగ్రాఫ్ కేబులు పనిలోకి వచ్చింది. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు ఐ2ఐ అనే ఆప్టికల్ ఫైబర్ కేబులు, సుమారు 3,200 కి.మీ. పొడవున, పనిలోకి వచ్చింది. ఒక పటం గీసి రెండు గీతలూ చూపించు. దాదాపు అదే దారి, అదే బంగాళాఖాతం, నడుమ 131 ఏళ్లు. నీ ప్రసంగానికి ఇంతకంటే మంచి బొమ్మ అక్కర్లేదు.

ఈ రెండు గీతల మధ్య ఒక మలుపు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. టెలిఫోను. టెలిగ్రాఫ్ తరువాత మెట్టు టెలిఫోను, దాని తరువాత మెట్టు స్మార్ట్‌ఫోన్ అని పట్టికలు చూపిస్తాయి. లోపల జరిగే పనిని బట్టి చూస్తే అది సరికాదు. పాత టెలిఫోను మన గొంతులోని ప్రతి ఎగుడుదిగుడునూ అలాగే కరెంటుగా మార్చి పంపేది. ఆ కరెంటుకు రిలే పనికిరాదు, ఎందుకంటే రిలేకు తెలిసినవి రెండే: ఉంది, లేదు. గొంతుకు యాంప్లిఫయర్ కావాలి. 1915లో వాక్యూమ్ ట్యూబులతో చేసిన యాంప్లిఫయర్లు పెట్టి న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు మాట్లాడగలిగారు. 1956లో స్కాట్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కు వేసిన టాట్-1 అనే కేబుల్లో మొదటిసారి అట్లాంటిక్ అడుగున అలాంటి యాంప్లిఫయర్లు దించారు. 1858 నాటి చిక్కు తీరడానికి దాదాపు నూరేళ్లు పట్టిందన్నమాట.

అయితే యాంప్లిఫయర్‌లో ఒక లోపం ఉంది. అది గొంతును పెంచుతుంది, దాంతోపాటు దారిలో కలిసిన గరగరనూ పెంచుతుంది, తన సొంత గరగరను కొంత కలుపుతుంది. ఏది గొంతో ఏది గరగరో దానికి తెలియదు. దీన్ని కూడా చేసి చూపించవచ్చు, ఖర్చు చాలా తక్కువ. పెన్సిలుతో నీడలు వేసిన ఒక బొమ్మను జిరాక్సు తీయించు. ఆ జిరాక్సును జిరాక్సు తీయించు. అలా పదోదాని దాకా వెళ్లు. మొదటిదీ పదోదీ పక్కపక్కన పట్టుకుంటే నీడలు మసకబారి, మచ్చలు పెరిగి కనిపిస్తాయి. ఒక్కో జిరాక్సు ఒక్కో యాంప్లిఫయర్ అనుకో.

రెండో బొమ్మగా గళ్ల కాగితం మీద నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది గళ్లు గీసి, కొన్నింటిని నలుపు చేయి, కొన్నింటిని ఖాళీగా వదులు. దీన్ని జిరాక్సు తీయించవద్దు. ఒక స్నేహితురాలికి ఇచ్చి, కొత్త కాగితం మీద అలాగే నింపమను. ఆమె నింపినదాన్ని చూసి ఇంకొకరు, అలా పదిమంది. ఒకరు కొంచెం లేతగా నింపినా, ఇంకొకరు గీత దాటినా, తరువాతివాళ్లు చూసేది ‘నలుపా, ఖాళీయా’ అన్నంతవరకే. తేల్చుకుని మళ్లీ శుభ్రంగా నింపుతారు. పదో కాగితం మొదటిదానిలాగే ఉంటుంది. రిలే చేసే పని ఇదే. గరగరను పెంచదు, దాన్ని అక్కడికక్కడే వదిలేసి కొత్త సంకేతం పుట్టిస్తుంది.

దీనికీ ఒక హద్దు ఉంది, అది దాచవద్దు. ఒక గడి సగం నలుపు, సగం తెలుపుగా మిగిలితే చూసేవాళ్లు పొరబడతారు. ఆ పొరపాటు ఇక అందరి చేతుల్లోనూ అలాగే, ఎంతో శుభ్రంగా, చివరిదాకా వెళ్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ప్రతి అడ్డు వరుస చివరనా అందులో నల్ల గళ్లు ఎన్నో అంకె వేయి. ప్రతి నిలువు వరుస కిందా అలాగే వేయి. ఎవరైనా మూడో అడ్డు వరుసలో అయిదో గడిని తప్పుగా నింపారనుకో. మూడో అడ్డు వరుస లెక్క సరిపోదు, అయిదో నిలువు వరుస లెక్క సరిపోదు. రెండూ కలిసే గడే తప్పు. దాన్ని మార్చేస్తే సరి. తప్పు ఉందని తెలియడమే కాదు, ఎక్కడుందో తెలిసింది, మళ్లీ పంపమని అడగకుండానే సరిదిద్దుకున్నాం. ఒకేసారి రెండు మూడు గళ్లు తప్పితే ఈ చిన్న లెక్క చాలదు. ఫోన్లు, కేబుళ్లు వాడేవి ఇంతకంటే చాలా గట్టి లెక్కలు, కానీ మూలసూత్రం ఇదే: సందేశంతోపాటు దాన్ని పరీక్షించుకునే అదనపు అంకెలు పంపడం. టెలిగ్రాఫ్ ఆపరేటర్లు తంతిలోని అంకెలను చివర మరోసారి పంపి సరిచూసుకునేవారు. అదీ ఇదే జాగ్రత్త.

ఇప్పుడు మలుపు చెప్పు. 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంజనీరుకు ఒక ఆలోచన వచ్చింది. గొంతును అలాగే పంపకుండా, దాని ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాసి, ఆ అంకెలను ‘ఉంది, లేదు’ రూపంలో పంపితే? గొంతు టెలిగ్రాఫ్ సంకేతంగా మారిపోతుంది, రిలే లాంటి పునర్జన్మ దానికీ దొరుకుతుంది. ఆయన కాలానికి అది ఖరీదైన ఆలోచన. ట్రాన్సిస్టర్లు వచ్చాక 1960లలో టెలిఫోను సంస్థలు దాన్ని అమలు చేశాయి. సెకనుకు 8,000 కొలతలు, ఒక్కో కొలతకు 8 బిట్లు, మొత్తం సెకనుకు 64,000 బిట్లు. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు దశాబ్దాల పాటు ఆ లెక్క మీదే నడిచాయి. నీ ఫోనులో మాట, ఫొటో, వీడియో అన్నీ ఉంది–లేదు వరుసలే. పేరులో ఫోను ఉన్నా స్మార్ట్‌ఫోన్ టెలిగ్రాఫ్ వంశానిదే. నీ ప్రసంగంలో ఒక్క వాక్యం అందరికీ గుర్తుండాలంటే దీన్ని ఎంచుకో.

ఇక చెన్నై–సింగపూర్ కొత్త గీత దగ్గరికి వెళ్దాం. ఫైబర్‌లో పోయేది కాంతి. మంచి గాజులో కూడా ప్రతి 15 కి.మీ.కు కాంతి సగం అవుతుంది. 60 కి.మీ. వెళ్లేసరికి పదహారో వంతు మిగులుతుంది. 300 కి.మీ.కు పది లక్షల్లో ఒక వంతు. ఏమీ చేయకుండా వదిలేస్తే సింగపూర్ చేరేసరికి ఏమీ మిగలదు. అందుకని ఇలాంటి సముద్రపు కేబుళ్లలో కొన్ని పదుల కి.మీ.కు ఒకటి చొప్పున రిపీటర్లు ఉంటాయి. వాటిలో ఎర్బియం అనే మూలకం కలిపిన కొన్ని మీటర్ల ఫైబర్ చుట్ట ఉంటుంది. చిన్న లేజర్ ఒకటి ఆ ఎర్బియం పరమాణువులకు శక్తి అందిస్తుంది. సంకేతపు కాంతి వాటి మధ్య నుంచి పోతుంటే అవి తమ శక్తిని అదే రంగు కాంతిగా వదులుతాయి. కాంతిని కరెంటుగా మార్చకుండానే బలం వస్తుంది. రిపీటర్లకు కావలసిన కరెంటును ఒడ్డు నుంచి, కేబుల్లోనే ఉన్న రాగి గొట్టం ద్వారా, వేల వోల్టుల దగ్గర పంపుతారు. నీకు గుర్తుండే ఉంటుంది, ఇది యాంప్లిఫయర్, రిలే కాదు. కాబట్టి గరగర కొంత పేరుకుంటుంది. ఒడ్డుకు చేరాక రిసీవరు ఏది సున్నా, ఏది ఒకటి అని తేల్చి, అదనపు అంకెలతో తప్పులు దిద్ది, మళ్లీ కొత్తగా పుట్టిస్తుంది. జిరాక్సు, గళ్ల కాగితం రెండూ ఈ ఒక్క కేబుల్లో కలిసి పనిచేస్తున్నాయి.

రామన్ రావలసింది ఇక్కడే. ఆయన ఈ ఊళ్లోనే, మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకున్నారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో వెల్లడించిన ఫలితం ఇది: కాంతి ఒక పదార్థం గుండా పోతున్నప్పుడు అందులో అతి కొద్ది భాగం అణువుల కంపనానికి కొంత శక్తి ఇచ్చి, రంగు మార్చుకుని బయటికి వస్తుంది. గాజులోనూ అదే జరుగుతుంది. ఫైబర్‌లో సంకేతం సాధారణంగా 1,550 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాంతోపాటు 1,450 నానోమీటర్ల దగ్గర బలమైన లేజర్ కాంతిని పంపితే, అది గాజుకు కొద్ది శక్తి ఇచ్చి సరిగ్గా సంకేతపు రంగులోకి దిగుతుంది. అక్కడ సంకేతం ముందే ఉంటే ఆ మార్పు చాలా వేగంగా, సంకేతంతో కలిసి అడుగు వేస్తూ జరుగుతుంది. ఎర్బియం చుట్ట అక్కర్లేదు, దారిలోని మామూలు ఫైబరే యాంప్లిఫయర్ అవుతుంది. దీన్ని రామన్ యాంప్లిఫయర్ అనే పిలుస్తారు. నేల మీది దూరపు లైన్లలోనూ, మధ్యలో రిపీటర్ పెట్టడానికి వీలులేని సముద్రపు జలసంధుల్లోనూ దీన్ని వాడతారు. అన్ని కేబుళ్లలోనూ ఉందని మాత్రం చెప్పకు, అది నిజం కాదు.

సమయం మిగిలితే ఒక్క మాటను రెండు కాలాల్లోనూ పంపి చూపించు. ‘అమ్మ’ అనే మాట తీసుకో. మోర్స్‌లో ఇంగ్లిషు అక్షరాలతో అది `.- -- -- .-` అవుతుంది. చుక్క ఒక మాత్ర, గీత మూడు మాత్రలు, అక్షరం లోపలి విరామం ఒకటి, అక్షరాల మధ్య విరామం మూడు. కూడితే 33 మాత్రలు. నిమిషానికి 20 మాటలు పంపే ఆపరేటరు చేతిలో ఒక్కో మాత్ర సెకనులో 0.06 వంతు, కాబట్టి మొత్తం దాదాపు 2 సెకన్లు. నీ ఫోను తెలుగులోనే రాస్తుంది:

```
అ   E0 B0 85
మ   E0 B0 AE
్    E0 B1 8D
మ   E0 B0 AE
```

మొత్తం 12 బైట్లు, అంటే 96 బిట్లు. ఫైబర్‌లో ఒక రంగు కాంతి మీద సెకనుకు 10,000 కోట్ల బిట్లు పంపడం ఇప్పుడు మామూలే. ఆ వేగంతో ‘అమ్మ’కు పట్టేది సెకనులో వంద కోట్లవ వంతు కంటే తక్కువ. నిజంగా పంపేటప్పుడు చిరునామా, రహస్య సంకేతీకరణ, తప్పులు దిద్దే అంకెలు కలిసి బిట్లు చాలా పెరుగుతాయి, ఆ మాట కూడా చెప్పు. ఇంకో సంగతి. సింగపూర్ చేరడానికి కాంతికి సుమారు 16 మిల్లీసెకన్లు పడుతుంది, ఎందుకంటే గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కి.మీ. వెళ్తుంది. స్తంభాల మీది పాత తీగలో కూడా సంకేతం మెల్లగా నడిచేది కాదు. ఈ కాలంలో అంతగా పెరిగింది నడక వేగం కాదు, ఒకదాని వెనక ఒకటి ఎంత దగ్గరగా పంపగలం అన్నది. అట్లాంటిక్ కేబుల్లో తోకలు కలిసిపోయిన సంగతి ఇక్కడ గుర్తుచేస్తే వినేవాళ్లకు రెండూ ఒకటేనని తెలుస్తుంది.

ప్రశ్నలు అడిగే సమయంలో ఒకటి తప్పకుండా వస్తుంది: ‘ఫోనుకు తీగ లేదు కదా, ఈ కేబుళ్లన్నీ ఎందుకు?’ నీ ఫోను నుంచి దగ్గరలోని టవరు దాకానే రేడియో. అక్కడి నుంచి ఎక్కువగా ఫైబరే. సింగపూర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుతుంటే ఆ దూరంలో అత్యధిక భాగం నీటి అడుగునే. మన దేశంలో టెలిగ్రాం సేవ ఎప్పుడు ఆగిందని కూడా అడగవచ్చు. 2013 జూలైలో.

ప్రదర్శనకు ముందు రోజు రాత్రి రిలే బల్బును వెలిగించకపోతే ఇలా వెతుకు. టక్కు వినబడి బల్బు వెలగకపోతే తప్పు రెండో వైపు ఉంది: `NO` బదులు `NC`కి కలిపి ఉంటావు, అలాగైతే నొక్కకుండానే బల్బు వెలుగుతూ ఉంటుంది, నొక్కితే ఆరిపోతుంది. టక్కే వినబడకపోతే సెల్లులు నీరసపడి ఉంటాయి. నాలుగు సెల్లుల వోల్టేజీ 5 కంటే తగ్గితే 22 ఓమ్‌ల తీగతో చుట్టకు దక్కేది 3.8 చుట్టుపక్కల ఉంటుంది, అది సరిగ్గా అంచు మీద. ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. వేదిక మీదకు కొత్త సెల్లులు వేసుకుని వెళ్లు, అదనంగా నాలుగు జేబులో ఉంచుకో.